12, 50, 200: రాత్రి ఫొటోకి ఏ మోడ్? కొనేటప్పుడు ఏ ఫోన్?

మొన్న మా బాబాయి ఫోన్ చేసి, ఎలా ఉన్నావని కూడా అడక్కుండా, "ఏరా, షాపువాడు రెండొందల మెగాపిక్సెల్ అని చెప్పి అంటగట్టాడు, ఫొటో వివరాలు చూస్తే పన్నెండే ఉంది, మనల్ని మోసం చేసినట్టేనా?" అని అడిగాడు. మోసం కాదు బాబాయ్, ఫోన్ కావాలనే అలా తీస్తుంది అని చెప్పాను. కానీ అప్పటికే ఆలస్యమైంది. ఆయన సెట్టింగ్స్‌లో వెతికి 200 ఆన్ చేసుకుని, మా చెల్లి పెళ్లి ఫొటోలన్నీ దాంతోనే తీశాడు. ముహూర్తం తెల్లవారుజామున. మండపం మీద వీడియోవాళ్ల లైటు ఉన్నంతసేపూ ఫొటోలు పర్వాలేదు. ఆ లైటు పక్కకు తిరిగిన క్షణం నుంచి పట్టుచీర జరీ అంచు పసుపు రంగు మరకలా అయిపోయింది, తలంబ్రాలు గాల్లో తెల్ల గీతల్లా పడ్డాయి, వెనక కూర్చున్న పెద్దమ్మల మొహాలు మైనం పూసినట్టు వచ్చాయి. ఆ క్షణాలు మళ్లీ రావు కదా, అందుకే ఇది రాస్తున్నాను.

ఇక్కడ రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. చేతిలో ఉన్న ఫోన్‌లో 12, 50, 200 అని మూడు ఉంటే ఎప్పుడు ఏది పెట్టుకోవాలి అన్నది ఒకటి. ఇంకా కొనకపోతే, ఏ సెన్సార్ ఉన్న ఫోన్ కొనాలి అన్నది రెండోది. రెండింటికీ జవాబు ఒకే చోట ఉంది, పిక్సెల్ బిన్నింగ్ అనే పనిలో.

## ముందు దేన్ని బట్టి ఎంచుకోవాలి

నా లెక్కలో చూడాల్సినవి నాలుగే. మొదటిది వెలుతురు, మిగతా మూడూ దాని తర్వాతే. రెండోది ఎదుట ఉన్నది కదులుతోందా లేదా. మూడోది, తీశాక ఆ ఫొటోని ఏం చేస్తారు: వాట్సాప్‌లో పంపడమా, ఆల్బమ్‌లో వేయించడమా, ఒక మూల కత్తిరించి పెద్దది చేసుకోవడమా. నాలుగోది స్టోరేజీ, ఒక ఫొటోకి ఇంకో ఫొటోకి మధ్య ఫోన్ తీసుకునే సమయం.

షాపులో మాత్రం ఐదోది ఒకటి చెబుతారు, మెగాపిక్సెళ్ల సంఖ్య. అది ఒక్కటే చెబితే రాత్రి ఫొటో గురించి ఏమీ చెప్పనట్టే. ఎందుకో అర్థం కావాలంటే సెన్సార్ లోపల ఏం జరుగుతుందో కొంచెం చూడాలి.

## గచ్చు మీద తొలి చినుకులు

వాన మొదలైన మొదటి నిమిషంలో వరండా గచ్చు చూడండి. చిన్న చిన్న టైల్స్ పరిచిన గచ్చు అయితే ఒక టైల్ మీద మూడు చినుకులు, పక్కదాని మీద ఒకటి, ఇంకోదాని మీద అసలు లేదు. వాన అంతటా ఒకేలా పడుతున్నా టైల్‌కీ టైల్‌కీ తేడా ఉంటుంది. అదే పెద్ద పెద్ద నాపరాళ్లు పరిచి ఉంటే ఒక్కో రాయి మీద యాభైకి అటూ ఇటూ పడతాయి, ఏ రాయి చూసినా దాదాపు ఒకేలా తడిసి కనిపిస్తుంది.

కాంతి కూడా సెన్సార్ మీద ఇలాగే చినుకులు చినుకులుగా పడుతుంది. పగలు కుండపోత కాబట్టి చిన్న పిక్సెల్ అయినా నిండా తడుస్తుంది. రాత్రి తుంపర. ఆ తుంపరలో చిన్న పిక్సెళ్ల మధ్య వచ్చే ఎగుడుదిగుడునే మనం నాయిస్ అంటాం. ఫొటోలో చీకటి గోడ మీద రంగురంగుల ఇసుక చల్లినట్టు కనిపిస్తుందే, అదే.

బిన్నింగ్ అంటే పక్కపక్కన ఉన్న చిన్న టైల్స్‌ని కలిపి ఒకే రాయిగా లెక్కపెట్టడం. నాలుగింటిని కలిపితే 50 మెగాపిక్సెల్ సెన్సార్ 12.5 అవుతుంది. పదహారింటిని కలిపితే 200 కూడా 12.5 అవుతుంది. బాబాయి ఫొటోలో కనిపించిన పన్నెండు అదే.

అయితే ఎలా పడితే అలా కలపడం కుదరదు, ఎందుకంటే ఒక్కో పిక్సెల్ మీద ఎరుపో, ఆకుపచ్చో, నీలమో ఒక రంగు గాజు లాంటి పొర ఉంటుంది. మామూలు సెన్సార్లలో పక్కపక్క పిక్సెళ్ల రంగులు వేరు, కలిపితే రంగు పోతుంది. అందుకని ఈ కొత్త సెన్సార్లలో రెండు నిలువు, రెండు అడ్డం, మొత్తం నాలుగు పిక్సెళ్లకీ ఒకే రంగు పొర వేస్తారు. సోనీ దీన్ని క్వాడ్ బేయర్ అంటుంది, శాంసంగ్ టెట్రాసెల్ అంటుంది. 108 మెగాపిక్సెల్ రకాల్లో కొన్నిట్లో మూడు మూళ్లు తొమ్మిదింటికీ, 200 రకాల్లో నాలుగు నాలుగులు పదహారింటికీ ఒకే రంగు. 2018లో సోనీ తెచ్చిన 48 మెగాపిక్సెల్ ఐఎంఎక్స్586తో ఈ పద్ధతి మామూలు ధర ఫోన్లలోకి కూడా బాగా వచ్చింది. చాలా పిక్సెళ్లతో తీసి కొన్నిటికి కుదించడం అన్న ఆలోచన మాత్రం అంతకన్నా పాతది, 2012లోనే నోకియా 808 ఫోన్ 41 మెగాపిక్సెల్ సెన్సార్ పెట్టుకుని మామూలుగా 5 మెగాపిక్సెల్ ఫొటో ఇచ్చేది.

ఈ రంగు పొరల అమరిక వల్ల ఒక చిక్కు ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు. 200 మోడ్ పెట్టినప్పుడు ఫోన్‌కి పదహారు పిక్సెళ్లలో ఒకే రంగు సమాచారం అందుతుంది. పక్క రంగు చాలా దూరంలో ఉంది. మధ్యలో ఏ రంగు ఉండాలో అది ఊహించి నింపాలి. ఈ పనిని రీమొజాయిక్ అంటారు. వెలుతురు బాగుంటే ఊహ చాలావరకు సరిగ్గానే ఉంటుంది. నాయిస్ ఉన్న సమాచారం నుంచి ఊహిస్తే తప్పులు పెరుగుతాయి, సన్నటి గీతల మీద లేని రంగులు, నేత బట్ట మీద చిక్కుముళ్ల లాంటి గీతలు వస్తాయి.

## ఒక చీకటి మూల, అంకెల్లో

ఒక్కసారి లెక్క కట్టి చూద్దాం, భయపడాల్సినంత ఏం లేదు. 200 మెగాపిక్సెల్ సెన్సార్, దీపం వెలుగులో గదిలో ఒక మూల. సెన్సార్ తన మీద పడిన కాంతిని ఎలక్ట్రాన్లుగా మార్చి లెక్కపెడుతుంది. అక్కడ ఒక్కో చిన్న పిక్సెల్‌కి నాలుగు ఎలక్ట్రాన్లంత కాంతి అందిందనుకుందాం. చినుకుల లెక్కలో సహజంగా వచ్చే ఎగుడుదిగుడు ఆ సంఖ్యకి వర్గమూలం, అంటే 2. దీనికి తోడు పిక్సెల్‌ని చదివేటప్పుడు సర్క్యూట్ తన వంతు నాయిస్ కలుపుతుంది, అదీ 2 అనుకుందాం. రెండూ కలిస్తే సుమారు 2.8. నాలుగు పాళ్ల సరుకుకి 2.8 పాళ్ల చెత్త, అంటే నిష్పత్తి 1.4. ఆ పిక్సెల్‌లో ఏముందో దాదాపు తెలియదు.

ఇప్పుడు నాలుగింటిని సెన్సార్‌లోనే కలిపి ఒకేసారి చదివితే సరుకు 16, చెత్త 4.5, నిష్పత్తి 3.6. ఇలాంటి నాలుగు గుంపుల్ని మళ్లీ కలిపితే పదహారు పిక్సెళ్లకి సరుకు 64, చెత్త దాదాపు 9, నిష్పత్తి 7 దాటుతుంది. అంటే ఐదు రెట్లు మెరుగు. దానికి మనం ఇచ్చిన ధర, పదహారు చుక్కల బదులు ఒకటే చుక్క.

ఇక్కడ ఒక నిజం కచ్చితంగా చెప్పాలి, ఎందుకంటే చాలా వీడియోల్లో దీన్ని వదిలేస్తారు. 200 మోడ్‌లో తీసిన అదే ఫొటోని తర్వాత కంప్యూటర్‌లో 12కి కుదించినా ఆ పదహారూ కలిసినట్టే కదా? అవును. అప్పుడు నిష్పత్తి 5.7 దాకా వస్తుంది. కాబట్టి అసలు పోటీ 1.4కీ 7కీ మధ్య కాదు, 5.7కీ 7కీ మధ్య. ఆ మిగిలిన తేడా ఎక్కడిదంటే, విడివిడిగా చదివినప్పుడు సర్క్యూట్ నాయిస్ పదహారు సార్లు చేరింది, కలిపి చదివినప్పుడు నాలుగు సార్లే చేరింది. వెలుతురు ఎక్కువ ఉన్న చోట, ఒక్కో పిక్సెల్‌కి 400 ఎలక్ట్రాన్లు పడే చోట ఇదే లెక్క వేస్తే రెండింటికీ 80 దగ్గరే వస్తుంది, తేడా మాయం. అందుకే బిన్నింగ్ గొప్పతనం చీకట్లోనే కనిపిస్తుంది, పగలు కాదు.

మరి 5.7కీ 7కీ తేడా అంతేనా, పెళ్లి ఫొటోలు అంతగా ఎందుకు పాడయ్యాయి అని అడగొచ్చు. అసలు దెబ్బ ఇంకో చోట తగిలింది. 12 మోడ్‌లో ఫోన్ సెన్సార్ నుంచి తక్కువ సమాచారం చదువుతుంది కాబట్టి త్వరగా చదువుతుంది, వరసగా చాలా ఫ్రేములు తీసి వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చి నాయిస్ ఇంకా తగ్గిస్తుంది. నైట్ మోడ్ పని అదే. 200 మోడ్‌లో ఒక్కో ఫ్రేమ్‌కి పదహారు రెట్ల సమాచారం, చదవడానికే ఆలస్యం, అన్నేసి ఫ్రేములు పేర్చే తీరిక ఉండదు, చాలా ఫోన్లలో ఆ మోడ్‌లో నైట్ మోడ్ అసలు పనిచేయదు. దాంతో మిగిలిన నాయిస్‌ని ఫోన్ సాఫ్ట్‌వేర్‌తో నున్నగా రుద్దేస్తుంది. పెద్దమ్మల మొహాల మీద మైనం అక్కడి నుంచే వచ్చింది.

## మూడు మోడ్‌లు పక్కపక్కన

కింద మైక్రాన్ అన్నది మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు.

| చూడాల్సింది | 12 మెగాపిక్సెల్ | 50 మెగాపిక్సెల్ | 200 మెగాపిక్సెల్ |
|---|---|---|---|
| కలిపే పిక్సెళ్లు | 16 | 4 | కలపదు |
| పిక్సెల్ సైజు (0.6 మైక్రాన్ సెన్సార్‌లో) | 2.4 మైక్రాన్లు | 1.2 మైక్రాన్లు | 0.6 మైక్రాన్ |
| ఎండలో | చాలు | అన్నిటికన్నా ఉపయోగం | కొన్నిసార్లు కొంచెం ఎక్కువ వివరం |
| ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద | బాగుంటుంది | కదలకుండా ఉంటే పర్వాలేదు | వద్దు |
| రాత్రి, దీపం వెలుగు | ఇదే | వద్దు | అసలు వద్దు |
| పిల్లలు, డ్యాన్స్ | ఇదే | ఎండలో మాత్రమే | వద్దు |
| ఫైల్ బరువు | కొన్ని ఎంబీలు | అంతకు రెండు మూడు రెట్లు | చాలా పెద్దది, పదుల ఎంబీలు |

12 మోడ్. ఫోన్ దీన్నే ముందుగా పెట్టి ఇస్తుంది, పదిసార్లలో తొమ్మిదిసార్లు అదే సరైనది. "పన్నెండు తక్కువ కదా" అనే అనుమానం ఉంటే ఒకటి గుర్తుంచుకోండి, 4కే టీవీ తెర మొత్తం కలిపినా 8.3 మెగాపిక్సెళ్లే. పెళ్లి ఆల్బమ్‌లో 12×18 అంగుళాల పేజీ నిండా వేయించినా, 4,000 చుక్కల వెడల్పున్న ఫొటోకి అంగుళానికి 220 చుక్కలు పడతాయి. ఆల్బమ్‌ని చేతుల్లో పెట్టుకుని చూసే దూరానికి అది బాగానే సరిపోతుంది. వాట్సాప్‌లో పంపితే ఎలాగూ ఇంకా కుదించేస్తుంది.

50 మోడ్. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే, కానీ ఎండలోనే. ఎందుకో చెప్పడానికి లెన్స్ సంగతి కొంచెం ఎత్తాలి. ఎంత మంచి లెన్స్ అయినా కాంతిని సూదిమొనంత బిందువుగా నిలపలేదు, చిన్న మచ్చలా పరుస్తుంది, అది కాంతి స్వభావం. f/1.7 లెన్స్‌కి ఆకుపచ్చ కాంతిలో ఆ మచ్చ అడ్డంగా సుమారు 2.3 మైక్రాన్లు ఉంటుంది. 200 మోడ్‌లో పిక్సెల్ 0.6 మైక్రాన్ కాబట్టి ఒక్క మచ్చ దాదాపు నాలుగు పిక్సెళ్ల వెడల్పున పరుచుకుంటుంది. పక్కపక్క పిక్సెళ్లన్నీ చూసేది దాదాపు అదే మచ్చ. 50 మోడ్‌లో పిక్సెల్ 1.2 మైక్రాన్లు, మచ్చకి రెండు పిక్సెళ్లు. లెన్స్ ఇవ్వగలిగినదానికీ సెన్సార్ పట్టుకోగలిగినదానికీ అక్కడ జోడీ కుదురుతుంది. గోపురం మీద బొమ్మలు, చేనులో దూరంగా ఉన్న మనుషులు, గోడ మీద శిలాఫలకం అక్షరాలు, ఇలాంటివి తర్వాత కత్తిరించుకోవాలంటే 50 పెట్టుకుని తీయండి, తేడా కళ్లకి కనిపిస్తుంది.

200 మోడ్. దీన్ని వద్దనడం లేదు. మధ్యాహ్నం ఎండ, ఫోన్ స్టాండ్ మీద కదలకుండా ఉండాలి, ఎదుట ఉన్నది కూడా కదలకూడదు, ఈ మూడూ కుదిరితే ఫొటో మధ్యభాగంలో 50 కన్నా కాస్త ఎక్కువ వివరం వస్తుంది. అంచుల్లో చాలాసార్లు అదీ రాదు, ఎందుకంటే లెన్స్ అంచుల్లో అంత పదునుగా ఉండదు. పెద్ద గోడ నిండా ప్రింట్ వేయించేవాళ్లకీ, పాత పటాలూ చేతిరాత కాగితాలూ ఎండలో పరిచి కాపీ తీసుకునేవాళ్లకీ పనికొస్తుంది. మిగతావాళ్లకి ఫోన్ నిండిపోవడం తప్ప ఒరిగేది తక్కువ.

ఐఫోన్ వాడేవాళ్లకి కొంచెం వేరే దారి ఉంది. 2022లో ఐఫోన్ 14 ప్రోకి 48 మెగాపిక్సెల్ సెన్సార్ వచ్చింది, మామూలుగా నాలుగింటిని కలిపి 12 ఇచ్చేది. 2023లో వచ్చిన ఐఫోన్ 15 నుంచి మామూలు ఫొటో 24 మెగాపిక్సెల్ అయింది. కలిపి తీసిన ఫ్రేముల్లోని శుభ్రతనీ, కలపకుండా తీసిన ఫ్రేమ్‌లోని వివరాన్నీ జోడించి ఇచ్చే మధ్యేమార్గం అది.

## పోపుల డబ్బా ముందు

ఇవన్నీ నమ్మక్కర్లేదు, ఇంట్లో పది నిమిషాల్లో చూసుకోవచ్చు. నేను మా వంటింట్లో పోపుల డబ్బా మూత తీసి గట్టు మీద పెట్టాను. ఆవాలు, జీలకర్ర, మెంతులు, ఎండుమిర్చి, పసుపు, ఒక్కోటి ఒక్కో సైజు, ఒక్కో రంగు, ఇంతకన్నా మంచి పరీక్ష నాకు తట్టలేదు. ఫోన్‌ని ఒక గ్లాసుకి ఆనించి కదలకుండా పెట్టి, మూడు సెకన్ల టైమర్‌తో, మొదట కిటికీ వెలుతురులో మూడు మోడ్‌లూ, తర్వాత రాత్రి దేవుడి గూట్లో దీపం తప్ప అన్ని లైట్లూ ఆపేసి మళ్లీ మూడు మోడ్‌లూ తీశాను.

కిటికీ వెలుతురులో 50 గెలిచింది, అందులో సందేహం లేదు. 12లో జీలకర్ర గింజ మీద చారలు కలిసిపోయాయి, 50లో విడివిడిగా లెక్కపెట్టొచ్చు. 200లో ఆ చారలు 50 కన్నా ఎక్కువేం కనిపించలేదు, గింజ మాత్రం తెరమీద ఇంకా పెద్దదిగా, కొంచెం మెత్తగా కనిపించింది.

దీపం వెలుగులో కథ తిరగబడింది. 200లో ఆవాలు నల్లటి ముద్ద అయిపోయాయి, గింజకీ గింజకీ మధ్య గీతే లేదు, ఎండుమిర్చి మీద అక్కడక్కడా ఆకుపచ్చ, ఊదా చుక్కలు. 12లో ఆవాలు గుండ్రంగా, విడివిడిగా ఉన్నాయి, ఒక్కోదాని మీద దీపం మెరుపు చుక్క కూడా కనిపించింది. ఎక్కువ పిక్సెళ్లున్న ఫొటోలో తక్కువ వివరం, తక్కువ పిక్సెళ్లున్నదాంట్లో ఎక్కువ. పోల్చేటప్పుడు ఒక్క జాగ్రత్త: 200 ఫొటోని పూర్తిగా జూమ్ చేసి, 12 ఫొటోని మామూలుగా చూసి తీర్పు చెప్పకండి, అది అన్యాయం. రెంటిలోనూ ఎండుమిర్చి తెరమీద ఒకే సైజులో కనిపించేలా జూమ్ చేసి అప్పుడు చూడండి.

మీ ఫోన్ అసలు ఏ మోడ్‌లో తీసిందో తెలియకపోతే ఫొటో వివరాల్లో కొలతలు చూడండి. 4080 × 3060 లాంటిది ఉంటే 12, 8160 × 6120 ఉంటే 50, 16320 × 12240 ఉంటే 200. ఫోన్‌ని బట్టి ఈ అంకెలు కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు.

## ఇంకా కొనలేదా? ఒక గుణకారం చేయండి

ఇక అసలు డబ్బు విషయం. బిన్నింగ్ కొత్త కాంతిని పుట్టించదు, పడిన చినుకుల్నే కలిపి లెక్కిస్తుంది. ఎన్ని చినుకులు పడతాయో నిర్ణయించేది గచ్చు మొత్తం వైశాల్యం, అంటే సెన్సార్ సైజు, ఆపైన లెన్స్ ఎంత తెరుచుకుంటుందో అది. కానీ ప్రకటనల్లో సెన్సార్ వైశాల్యం రాయరు, 1/1.56 అంగుళాలు అంటూ అర్థం కాని భిన్నం రాస్తారు. దానికో సులువు ఉంది. మెగాపిక్సెళ్ల సంఖ్యని పిక్సెల్ సైజుతో రెండుసార్లు గుణించండి, వచ్చేది చదరపు మిల్లీమీటర్లలో వైశాల్యం.

```
వైశాల్యం = మెగాపిక్సెళ్లు × మైక్రాన్ × మైక్రాన్
50 × 1.0 × 1.0 = 50
```

| సెన్సార్ | పిక్సెల్ (మైక్రాన్) | వైశాల్యం (చ.మి.మీ.) |
|---|---|---|
| 50 మెగాపిక్సెల్, శాంసంగ్ జేఎన్1 | 0.64 | సుమారు 20 |
| 12.2 మెగాపిక్సెల్, సోనీ ఐఎంఎక్స్363 (బిన్నింగ్ లేనిది) | 1.4 | సుమారు 24 |
| 108 మెగాపిక్సెల్, శాంసంగ్ హెచ్‌ఎం6 | 0.64 | సుమారు 44 |
| 50 మెగాపిక్సెల్, సోనీ ఐఎంఎక్స్766 | 1.0 | సుమారు 50 |
| 200 మెగాపిక్సెల్, శాంసంగ్ హెచ్‌పీ3 | 0.56 | సుమారు 63 |
| 200 మెగాపిక్సెల్, శాంసంగ్ హెచ్‌పీ2 | 0.6 | సుమారు 72 |

మొదటి వరసనీ నాలుగో వరసనీ పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ 50 మెగాపిక్సెళ్లే, డబ్బా మీద రెండింటికీ ఒకే అంకె ఉంటుంది. కానీ నాలుగో వరసలో ఉన్నదాని మీద రెండున్నర రెట్ల కాంతి పడుతుంది. రెండూ నాలుగింటిని కలిపి 12.5 ఇస్తాయి, కలిపే పద్ధతి ఒకటే, కలపడానికి అందిన సరుకు మాత్రం ఒకటి కాదు. రెండో వరస ఇంకా ఆలోచించదగ్గది. గూగుల్ చాలా ఏళ్లు తన పిక్సెల్ ఫోన్లలో వాడిన ఆ పాతకాలపు 12.2 సెన్సార్, వైశాల్యంలో జేఎన్1 కన్నా కాస్త పెద్దదే. ఈ లెక్కన పట్టికలో ఉన్న 108 కన్నా మంచి 50 రాత్రిపూట మెరుగు. 50కీ 200కీ మధ్య అయితే లెక్క కట్టకుండా చెప్పలేం.

ఈ గుణకారంలో ఒక ఉచ్చు ఉంది, జాగ్రత్త. ప్రకటనల్లో చాలాసార్లు కలిపిన తర్వాతి పిక్సెల్ సైజు రాస్తారు. జేఎన్1 ఉన్న ఫోన్‌కి "1.28 మైక్రాన్" అని కనిపించొచ్చు. దాన్ని 50తో గుణిస్తే 82 వస్తుంది, ఏదో అద్భుతమైన సెన్సార్ అనిపిస్తుంది. కానీ 1.28 అన్నది నాలుగు కలిపాక ఉన్న సైజు, అప్పుడు పిక్సెళ్లు 12.5 మాత్రమే. 12.5 × 1.28 × 1.28 వేస్తే మళ్లీ 20 దగ్గరికే వస్తుంది. కలిపిన సైజుకి కలిపిన సంఖ్య, విడి సైజుకి విడి సంఖ్య, ఈ జోడీ తప్పకూడదు. ఏ జోడీయో తేలకపోతే 1/ తర్వాత ఉన్న అంకె చూడండి, అది ఎంత చిన్నదైతే సెన్సార్ అంత పెద్దది. 1/2.76 కన్నా 1/1.56 పెద్దది, దానికన్నా 1/1.3 పెద్దది.

లెన్స్ సంగతి ఒక్క మాటలో: f పక్కన అంకె తక్కువైతే ఎక్కువ కాంతి. f/1.8 నుంచి f/1.6కి తగ్గితే పావు వంతు దాకా కాంతి పెరుగుతుంది. ఓఐఎస్, అంటే చేతి వణుకుని సర్దే ఏర్పాటు ఉంటే ఫోన్ షట్టర్‌ని ఇంకొంచెం ఎక్కువసేపు తెరిచి ఉంచగలదు. దీపాలకీ గుడి మంటపాలకీ ఇది చాలా ఉపయోగం. తలంబ్రాలకి మాత్రం ఉపయోగం లేదు, వణుకు మీ చేతిది కాదు కదా, కదిలేవి బియ్యపు గింజలు.

## ఎవరికి ఏది

ఇంట్లో పిల్లలు, పుట్టినరోజులు, ట్యూబ్‌లైట్ కింద ఫొటోలే ఎక్కువ తీసే వాళ్లయితే వైశాల్యం 50 దాటిన, ఓఐఎస్ ఉన్న ఫోన్ తీసుకోండి, అది 50 మెగాపిక్సెల్ అయినా పర్లేదు. మోడ్ ఎప్పటికీ మార్చకండి. పిల్లలు ఒక్క క్షణం ఆగరు, 12 మోడ్‌లోనే ఫోన్ వేగంగా ఉంటుంది.

ఊళ్లు తిరుగుతూ గుళ్లూ కొండలూ తీసేవాళ్లకి 200 సెన్సార్ నిజంగానే లాభం. ఆ ఫోన్‌లో 50 మోడ్ కూడా ఉంటుంది కాబట్టి పగలు దాన్ని వాడుకోవచ్చు, సాయంత్రం దీపాలు వెలిగించే వేళకి 12కి మార్చుకోవచ్చు. మార్చడం మర్చిపోతామన్న టెన్షన్ ఉంటే, కెమెరా సెట్టింగ్స్‌లో చివరి మోడ్‌ని గుర్తుంచుకునే ఆప్షన్ ఉందేమో చూసి దాన్ని ఆపేయండి. కెమెరా తెరిచిన ప్రతిసారీ 12తో మొదలవుతుంది.

జూమ్ ఎక్కువ వాడేవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. చాలా ఫోన్లలో 2x నొక్కితే వేరే లెన్స్ ఏమీ రాదు, 50 మెగాపిక్సెల్ సెన్సార్ మధ్యలోని పావు భాగాన్ని కలపకుండా వాడి 12 ఇస్తుంది. పగలు అది చక్కగా ఉంటుంది. రాత్రి అదే 2x నొక్కితే మీరు బిన్నింగ్ వదులుకున్నట్టే, పైగా సెన్సార్‌లో పావు వంతు కాంతినే వాడుతున్నట్టు. స్టేజీ మీద పిల్లల డ్యాన్స్‌ని వెనక వరస నుంచి తీసినప్పుడు వచ్చే ఆ గజిబిజికి ఇదొక కారణం. విడిగా టెలిఫొటో లెన్స్ ఉన్న ఫోన్ అయితే దానికుండే సెన్సార్ వైశాల్యం కూడా ఇదే గుణకారంతో చూడండి, చాలాసార్లు అది ప్రధాన కెమెరాలో సగం కూడా ఉండదు. అలాంటప్పుడు రాత్రి 1xలోనే తీసి తర్వాత కత్తిరించుకున్నా పెద్ద తేడా ఉండకపోవచ్చు, రెండూ తీసి చూసుకోండి.

బడ్జెట్ తక్కువ ఉండి 20 చదరపు మిల్లీమీటర్ల సెన్సారే దొరికితే, దానికీ పనికొచ్చే మార్గం ఉంది. 50 మోడ్‌ని మర్చిపోండి, నైట్ మోడ్ ఆన్ చేసి, ఫోన్‌ని గోడకో కుర్చీ వెన్నుకో ఆనించి, ఎదుటివాళ్లని రెండు సెకన్లు కదలకుండా ఉండమనండి.

బాబాయికి ఇదే చెప్పాను. మా చెల్లి పదహారు రోజుల పండుగకి ఆయన మోడ్ ముట్టుకోకుండా, ఫోన్‌ని స్తంభానికి ఆనించి దీపాల వెలుగులో తీసి పంపాడు. ఈసారి జరీ అంచులో మామిడి పిందెల్ని లెక్కపెట్టొచ్చు.